పిన్నుల పెట్టె ఖాళీగా ఉంటే: పజిల్ ముందు మన ఆలోచన ఎక్కడ ఆగుతుంది?

ప్రశ్న: బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. కంపెనీ మారదామని ఇంటర్వ్యూలకు వెళ్తుంటే కొవ్వొత్తి పజిల్, తొమ్మిది చుక్కల పజిల్ లాంటివి అడుగుతున్నారు. ఎంత గింజుకున్నా తట్టదు. జవాబు చూశాక మాత్రం "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. నా బుర్రలోనే ఏదైనా లోపమా? ఇలాంటివి ఓ వంద చేస్తే అలవాటవుతుందా? ఫంక్షనల్ ఫిక్సెడ్‌నెస్, ఇన్‌సైట్, హ్యూరిస్టిక్స్ అని చదివాను గానీ ఇక్కడ అవెలా పనిచేస్తాయో అర్థం కాలేదు.

జవాబు:

లోపమేమీ లేదు. కొవ్వొత్తి దగ్గర ఆగిపోవడానికి ఒక కారణం, చుక్కల దగ్గర ఆగిపోవడానికి ఇంకో కారణం ఉన్నాయి. రెండింటినీ ఒకే గాటన కట్టేసి "కొత్తగా ఆలోచించు" అనడం వల్లే వినేవాళ్లకు ఏం చేయాలో పాలుపోదు. నేను బెంగళూరులోనే కాగ్నిటివ్ సైకాలజీ చెబుతాను, ఈ ప్రయోగాలను క్లాసులో పిల్లల చేత చేయిస్తుంటాను. అందుకని వాటినే వరసగా పట్టుకుని చెబుతాను.

ముందు కొవ్వొత్తి. దీన్ని తయారుచేసింది కార్ల్ డుంకర్ అనే జర్మన్ సైకాలజిస్టు. ఆయన రచన 1935లో జర్మన్‌లో వచ్చింది, 1945లో ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. బల్ల మీద కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, డ్రాయింగ్ పిన్నులు, చిన్న అట్టపెట్టెలు ఉంటాయి. కొవ్వొత్తిని కంటి ఎత్తులో తలుపుకు నిలబెట్టాలి. చాలామంది కొవ్వొత్తికి నేరుగా పిన్ను గుచ్చబోతారు, లేదంటే మైనం కరిగించి అంటించబోతారు. రెండూ నిలవవు. జవాబేమిటంటే పెట్టెను పిన్నులతో తలుపుకు కొట్టి, దాన్నే చిన్న అరలా చేసుకుని, దాని మీద కొవ్వొత్తి నిలబెట్టడం.

ఇంటర్వ్యూల్లో ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. డుంకర్ చేసిన అసలు పని దీని తర్వాతే ఉంది. ఆయన ఇదే పజిల్‌ను రెండు రకాలుగా ఇచ్చాడు. కొందరికి పెట్టెల నిండా సామాను పోసి ఇచ్చాడు. కొందరికి అవే పెట్టెలు ఖాళీ చేసి, సామాను పక్కన పెట్టి ఇచ్చాడు. వస్తువులు అవే, పని అదే. డుంకర్ చూసింది చాలా కొద్దిమందిని. 1952లో రాబర్ట్ ఆడమ్సన్ అదే ప్రయోగాన్ని ఎక్కువమందితో మళ్లీ చేశాడు. ఖాళీ పెట్టెలు అందుకున్నవాళ్లలో ఇరవై నిమిషాల్లోపు నూటికి 86 మంది చేసేశారు. నిండు పెట్టెలు అందుకున్నవాళ్లలో 41 మందే చేయగలిగారు.

ఈ తేడా తెలివికి సంబంధించింది అయ్యే అవకాశం లేదు. రెండు గుంపుల్లోనూ ఒకే తరహా విద్యార్థులున్నారు. మారింది ఒక్కటే, పజిల్ చూసే క్షణానికి పెట్టె ఇంకో పనిలో ఉందా లేదా అన్నది. పిన్నులు మోస్తున్న పెట్టె మన లెక్కలోకి "పిన్నులు" అనే వస్తువులో భాగంగా వెళ్లిపోతుంది. బల్ల మీద ఏమేం ఉన్నాయని అడిగితే కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, పిన్నులు అని చెబుతాం. పెట్టె పేరే రాదు. జాబితాలో లేని వస్తువుతో అర ఎలా కడతాం? ఒక వస్తువు ఇప్పటికే ఒక పనిలో ఉంటే ఇంకో పనికి మనకు కనబడకుండా పోవడాన్నే ఫంక్షనల్ ఫిక్సెడ్‌నెస్ అంటారు.

అలా పనిలో పెట్టింది మనమే అయితే పట్టు ఇంకా గట్టిగా ఉంటుంది. 1951లో బర్చ్, రబినోవిట్జ్ అనే ఇద్దరు దీన్ని చక్కగా పట్టుకున్నారు. అది చెప్పాలంటే ముందు రెండు తాళ్ల పజిల్ చెప్పాలి.

ఇది నార్మన్ మాయర్ 1931లో ప్రచురించిన పజిల్. గది పైకప్పు నుంచి రెండు తాళ్లు వేలాడుతుంటాయి. వాటి కొసల్ని ముడివేయాలి. ఒకటి పట్టుకుని వెళ్తే రెండోది చేతికి అందదు, అంత దూరంలో కడతారు. గదిలో కుర్చీ, కర్ర, ఎక్స్‌టెన్షన్ వైరు, కటింగ్ ప్లయర్ లాంటివి ఉంటాయి. కుర్చీకి ఒక తాడు కట్టి ఉంచడం, వైరుతో తాడును పొడుగు చేయడం, కర్రతో లాగడం, ఇలా కొన్ని దారులున్నాయి. మాయర్ అన్నీ ఒప్పుకుని, "ఇంకో రకంగా చేయి" అనేవాడు. ఆయనకు కావాల్సింది చివరిది. ప్లయర్‌ను ఒక తాడు కొసకు బరువుగా కట్టి ఊపాలి. రెండో తాడు పట్టుకుని మధ్యకు వచ్చి, ఊగుతూ వచ్చినదాన్ని అందుకోవాలి.

మా క్లాసులో ఇది చేయించినప్పుడు ఒకమ్మాయి ప్లయర్ చేతిలోకి తీసుకుంది. ఎడమ చేత్తో ఒక తాడు పట్టుకుని, కుడి చేత్తో ప్లయర్ నోరు తెరిచి రెండో తాడు కొసను పట్టుకోబోయింది. జానెడు దూరంలో ఆగిపోయింది. మునివేళ్ల మీద లేచింది, భుజం చాచింది, ప్లయర్‌ను పిడి చివర పట్టుకుని ఇంకో రెండు అంగుళాలు సంపాదించింది. తర్వాత "ఇది పొట్టిగా ఉంది సార్" అని బల్ల మీద పెట్టేసి వైరు వెతుక్కుంది. ఆ పిల్ల ప్లయర్‌ను పట్టించుకోలేదని అనలేం. చాలా శ్రద్ధగా, ప్లయర్ చేసే పని ప్రకారమే వాడింది. ప్లయర్ ఉన్నది పట్టుకోవడానికి కదా! ఆ అరగంటలో దాని బరువు ఎంతో ఒక్కసారి కూడా ఆమెకు అవసరపడలేదు.

మాయర్ దగ్గర సాయం లేకుండా ఊయల దారి కనుక్కున్నవాళ్లు నూటికి 39 మంది. మిగిలినవాళ్లు చిక్కుకుపోయి ఉన్నప్పుడు ఆయన గదిలో అటూ ఇటూ నడుస్తూ, పొరపాటున తగిలినట్టు ఒక తాడును కాస్త కదిపేవాడు. ఆ సూచనతో మరో 38 మంది, అదీ చాలావరకు నిమిషంలోపే, చేసేశారు. ఎలా తట్టిందని అడిగితే దాదాపు ఎవరూ ఆ తాడు కదలడం గురించి చెప్పలేదు. "ఉన్నట్టుండి తోచింది" అన్నారు. ఇన్‌సైట్ గురించి ఎవరు గొప్పగా చెబుతున్నా నాకు ఈ ప్రయోగం గుర్తొస్తుంది. తట్టిన మనిషికే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అందుకే, ఇలాంటి పజిల్ విప్పినవాళ్లు "నేనిలా ఆలోచించాను" అని ఇచ్చే సలహాలను నేను పెద్దగా నమ్మను.

ఇక బర్చ్, రబినోవిట్జ్ చేసింది చూడండి. తాళ్ల పజిల్ ఇచ్చేముందు కొందరి చేత ఎలక్ట్రికల్ సర్క్యూట్‌లో స్విచ్ బిగించే పని చేయించారు. ఇంకొందరి చేత రిలే బిగించే పని చేయించారు. తర్వాత తాళ్ల గదిలోకి పంపి, బరువుగా వాడుకోవడానికి స్విచ్, రిలే రెండూ అక్కడ పెట్టారు. రిలే బిగించి వచ్చిన పదిమందీ స్విచ్‌నే తాడుకు కట్టారు. స్విచ్ బిగించి వచ్చిన తొమ్మిది మందిలో ఏడుగురు రిలే కట్టారు. ఎందుకు అదే ఎంచుకున్నారని అడిగితే, బరువుకు అదే బాగుంటుందని ప్రతివాళ్లూ కారణాలు చెప్పారు. కాసేపటి కింద తాము చేసిన పనే ఆ ఎంపికను నడిపించిందని ఎవరికీ అనిపించలేదు. టెస్టింగ్‌లో మీకిది పరిచయమే అయి ఉండాలి. ఏ టూల్‌ను పొద్దున్నుంచి లాగ్‌లు చూడటానికి వాడుతున్నారో, సాయంత్రం దాన్నే వేరే పనికి వాడొచ్చన్నది పక్క సీటువాడు చెప్పేదాకా తోచదు.

ఇంటర్వ్యూ ఒత్తిడి మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాన్ని కొవ్వొత్తితోనే కొలిచారు. 1962లో శామ్ గ్లక్స్‌బర్గ్ కొందరికి డబ్బు ఆశ చూపించాడు. త్వరగా చేసినవాళ్లకు 5 డాలర్లు, అందరికంటే ముందు చేసినవాళ్లకు 20 డాలర్లు. ఖాళీ పెట్టె ఇచ్చినప్పుడు డబ్బు ఆశ ఉన్నవాళ్లు తొందరగానే చేశారు. నిండు పెట్టె ఇచ్చినప్పుడు మాత్రం తిరగబడింది. ఆశ లేనివాళ్లకు సగటున ఏడున్నర నిమిషాలు పడితే, ఆశ ఉన్నవాళ్లకు పదకొండు దాటింది. ఒత్తిడి పెరిగేకొద్దీ మనిషి మొదట తోచిన దారినే ఇంకా గట్టిగా తోస్తాడు. ఆ దారి సరైనదైతే లాభం, కాకపోతే అంత నష్టం. ఉద్యోగం కావాలన్న ఆత్రంలో మీరు ఆగిపోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు చుక్కల దగ్గరికి వద్దాం. ఇక్కడ ఏ వస్తువూ లేదు కాబట్టి ఫంక్షనల్ ఫిక్సెడ్‌నెస్ కథ పనికిరాదు. తొమ్మిది చుక్కల్నీ కాగితం మీంచి పెన్ను ఎత్తకుండా నాలుగు సరళరేఖలతో కలపాలి. చుక్కలకు నంబర్లు వేసుకుంటే చెప్పడం తేలిక.

```
1  2  3
4  5  6
7  8  9
```

అందరూ చెప్పే మాట ఏమిటంటే, మనకు మనమే చతురస్రపు గీత దాటకూడదని నియమం పెట్టుకుంటామట, అది వదిలేస్తే జవాబు వచ్చేస్తుందట. వైస్‌బర్గ్, ఆల్బా అనే ఇద్దరు 1981లో ఈ మాటను పరీక్షకు పెట్టారు. గీతలు చతురస్రం బయటికి పోవచ్చని, పోకపోతే జవాబు రాదని నేరుగానే చెప్పేశారు. అయినా ఎక్కువమంది చేయలేకపోయారు. కాబట్టి ఆ నియమం ఒక్కటే అడ్డు కాదు. "బాక్స్ బయట ఆలోచించు" అనే సలహాకు మూలమని చెప్పుకునే పజిల్‌లోనే ఆ సలహా పెద్దగా పనిచేయలేదన్నమాట. ఇది ఇంటర్వ్యూ తీసుకునేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలని నా కోరిక.

మరి అడ్డేమిటి? మెక్‌గ్రెగర్, ఒర్మెరాడ్, క్రానికల్ అనే ముగ్గురు 2001లో ఇచ్చిన వివరణ నాకు అన్నింటికంటే నచ్చింది. అది హ్యూరిస్టిక్‌కు సంబంధించింది. హ్యూరిస్టిక్ అంటే అన్ని దారులూ వెతకకుండా, ఎక్కువసార్లు పనిచేసే ఒక ఒరవడిని పట్టుకుని ముందుకు పోవడం. వాటిలో మనం రోజూ వాడేది హిల్ క్లైంబింగ్. ప్రతి అడుగులోనూ గమ్యానికి ఏది ఎక్కువ దగ్గర చేస్తుందో అదే వేయడం. మారతహళ్లి నుంచి యశ్వంతపురం పోవాలంటే, దూరం తగ్గించే ప్రతి మలుపూ తీసుకుంటూ పోతే సిటీ నడిబొడ్డున ఇరుక్కుంటాం. ముందు ఉత్తరంగా హెబ్బాళ వైపు పోయి తిరిగి రావడం ఆ ఒరవడికి తోచదు. అయినా ఇది చెడ్డ పద్ధతి కాదు. ఇది లేకపోతే ఏ పనీ సాగదు. ప్రతిసారీ అన్ని అవకాశాలూ వెతికే ఓపిక ఏ మెదడుకూ లేదు.

చుక్కల్లో ఈ పద్ధతి "ప్రతి గీతతో వీలైనన్ని కొత్త చుక్కలు కొట్టేయాలి" అనే రూపంలో వస్తుంది. చేసి చూడండి. మొదటి గీత 1, 2, 3 మీదుగా: మూడు చుక్కలు. రెండోది 3 నుంచి కిందికి 6, 9: కొత్తవి రెండు, మొత్తం ఐదు. మూడోది 9 నుంచి ఎడమకు 8, 7: మొత్తం ఏడు. మిగిలినవి 4, 5. ఇప్పుడు 7 దగ్గరున్నాం. పైకి పోతే 4 ఒక్కటే దొరుకుతుంది, ఏటవాలుగా పోతే 5 ఒక్కటే. ఎనిమిది దగ్గర ఆగిపోయాం.

ఇప్పుడు సరైన జవాబును అదే లెక్కలో చూడండి. 1, 2, 3 మీదుగా పోయి, 3 దగ్గర ఆగకుండా ఇంకో చుక్కంత దూరం బయటికి పోవాలి. అక్కడి నుంచి ఏటవాలుగా 6, 8 మీదుగా కిందికి వచ్చి, 7 కింద ఒక చుక్కంత దూరం దిగాలి. అక్కడి నుంచి నిటారుగా 7, 4 మీదుగా 1 దాకా పోవాలి. 1 నుంచి ఏటవాలుగా 5, 9. కొత్త చుక్కల లెక్క: మూడు, రెండు, రెండు, రెండు. మొత్తం తొమ్మిది.

రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టండి. మూడో గీత అయ్యేసరికి తప్పు దారిలోనూ ఏడు, సరైన దారిలోనూ ఏడు. అంటే మన కొలబద్ద మొదటి మూడు అడుగుల్లో ఎక్కడా గంట మోగించదు. అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది, నాలుగో గీత దగ్గర ఉన్నట్టుండి గోడ తగులుతుంది. అప్పుడు మనం చేసేదేమిటి? ఆ చివరి గీతనే అటూ ఇటూ తిప్పుతాం, లేదంటే మొదలుపెట్టే మూల మార్చి మళ్లీ అదే పని చేస్తాం. లోపలే తిరిగే గీతలతో ఇబ్బంది లేకుండా మూడో అడుగు దాకా వచ్చేస్తుంటే, చుక్కే లేని ఖాళీ చోటుకు గీత లాగాల్సిన అవసరం ఎందుకు తోస్తుంది? ఆ ముగ్గురి వాదన సారాంశం ఇదే. బయటికి పోవచ్చని చెప్పినా లాభం లేకపోవడానికీ ఇదే కారణం. పోవచ్చని తెలుసు, కానీ ఎక్కడికి, ఎంత దూరం పోవాలో ఆ కొలబద్ద చెప్పదు.

ఈ రెండు చిక్కులూ కలిసేది ఒకచోటే. కొవ్వొత్తిలో మనం వస్తువుల జాబితా తప్పుగా రాసుకున్నాం. చుక్కల్లో "దగ్గరవుతున్నాం" అనే కొలత తప్పుగా పెట్టుకున్నాం. రెంటిలోనూ లెక్క సరిగ్గానే చేశాం, తప్పంతా లెక్క మొదలుపెట్టకముందే జరిగిపోయింది. ఇన్‌సైట్ అంటే ఆ మొదటి వర్ణన మారడం. అది మారాక మిగిలిన పని సెకన్లలో అయిపోతుంది కాబట్టే "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది.

మీరిప్పుడు ఏ రకం చిక్కులో ఉన్నారో కొంతవరకు తెలుసుకోవచ్చు. మెట్‌కాఫ్, వీబ్ 1987లో లెక్కలు చేస్తున్నవాళ్లను పదిహేను సెకన్లకోసారి అడిగారు, "జవాబుకు ఎంత దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తోంది?" అని. ఆల్జీబ్రా లెక్కల్లో ఆ అంకె మెల్లగా పెరుగుతూ పోయింది. ఇన్‌సైట్ పజిల్స్‌లో చివరి క్షణం దాకా దాదాపు కదలకుండా ఉండి, ఒక్కసారి పైకి లేచింది. మెట్‌కాఫ్ అంతకుముందు ఏడాది ఇంకోటి గమనించింది. ఇన్‌సైట్ పజిల్‌లో "వచ్చేస్తోంది, వచ్చేస్తోంది" అని క్రమంగా నమ్మకం పెరిగినవాళ్లు చాలాసార్లు తప్పు జవాబు దగ్గర తేలారు. కాబట్టి పజిల్ చేస్తూ మిమ్మల్ని మీరు అదే ప్రశ్న అడుక్కోండి. అంకె పెరుగుతూ ఉండి, ప్రతి అడుగునూ సరిచూసుకోగలుగుతుంటే అదే దారిలో పొండి. చాలాసేపు అంకె కదలకపోతే ఆ దారిలో ఎంత తోసినా లాభం ఉండదు, వర్ణన తిరగరాయాల్సిందే.

ఎలా తిరగరాయాలి? వస్తువుల పజిల్స్‌కు నేను పిల్లలకు నేర్పే పద్ధతి ఒక్కటే. టోనీ మెకాఫ్రీ 2012లో ప్రచురించాడు. ప్రతి వస్తువునూ విడగొడుతూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దీన్ని ఇంకా చిన్న భాగాలుగా విడగొట్టవచ్చా? నేను దీన్ని వర్ణించిన తీరులో దాని వాడకం దాగి ఉందా? ఉంటే వాడకం తీసేసి, ఆకారం, పదార్థం, కొలత మాత్రమే మిగిలేలా మళ్లీ వర్ణించాలి. దీనిలో శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్లకంటే 67 శాతం ఎక్కువ పజిల్స్ విప్పారు.

ఆయన పజిల్స్‌లో ఒకటి మీరే చేసి చూడండి. రెండు బరువైన ఇనుప రింగులున్నాయి, వాటిని కలిపి బిగించాలి. ఇచ్చినవి ఒక కొవ్వొత్తి, ఒక అగ్గిపుల్ల, ఒక ఇనుప దిమ్మ. మొదట అందరికీ తోచేది మైనం కరిగించి అతికించడం. అంత బరువును మైనం ఆపదు. ఇప్పుడు కొవ్వొత్తిని విడగొట్టండి. మైనం, వత్తి. "వత్తి" అన్నామంటే వెలిగించేది అనేశాం, కాబట్టి ఇంకా కిందికి దిగాలి. నూలు పోగుల్ని పేనిన పొడుగాటి తాడు ముక్క. తాడు అనగానే కట్టడం తనంతట అదే గుర్తొస్తుంది. దిమ్మ అంచుతో మైనాన్ని గీకేసి, వత్తి బయటికి తీసి, రింగుల్ని కట్టేయడమే. ఇక్కడ అగ్గిపుల్ల అవసరమే లేదు. అది మన దృష్టిని మంట వైపు లాగుతుంది, అంతే. ఇదే పద్ధతిని తాళ్ల గదిలో పెడితే ప్లయర్ కాస్తా "గుప్పెట్లో పట్టే, బరువైన ఇనుప ముక్క" అవుతుంది.

దీనికి హద్దులూ ఉన్నాయి. విడగొట్టడానికి వస్తువు ఉండాలి. చుక్కల పజిల్‌లో అది పనిచేయదు. అక్కడ ఉపయోగపడేది వేరే పని, కొలతను ముందే లెక్కగట్టడం. నాలుగు గీతలకు తొమ్మిది చుక్కలు రావాలంటే మొదటి మూడింటి తర్వాత ఏడు ఉన్నా, ఆఖరి గీతకు రెండు కొత్త చుక్కలు ఒకే వరసలో మిగిలి ఉండాలి, మనం ఆ వరస కొసన నిలబడి ఉండాలి. వెనక నుంచి ఇలా మొదలుపెడితే మూడో గీత ఎక్కడ ముగియాలన్నది ప్రశ్నగా మారుతుంది. అది మనం ముందు అడగని ప్రశ్న. అయినా ఇది గ్యారంటీ దారి కాదు, వెతకాల్సిన చోటును కాస్త తగ్గిస్తుంది, అంతే.

వంద పజిల్స్ చేస్తే వస్తుందా అన్నారు. ఆ వందా వస్తాయి. నూటొకటో దానికి ఎంత సాయపడతాయో చెప్పలేం. గిక్, హోల్యోక్ 1980లో విద్యార్థులకు ఒక కథ చదివించారు. ఒక సేనాని కోట మీదికి సైన్యాన్నంతా ఒకే దారిలో పంపలేక, చిన్న దళాలుగా చీల్చి అన్ని దారుల నుంచీ ఒకేసారి పంపుతాడు. ఆ వెంటనే డుంకర్‌దే ఇంకో పజిల్ ఇచ్చారు. కడుపులో కణితి ఉంది, దాన్ని చంపేంత బలమైన కిరణం దారిలోని మంచి కణజాలాన్నీ చంపేస్తుంది, ఏం చేయాలి? బలహీనమైన కిరణాల్ని చుట్టూ అన్ని వైపుల నుంచీ కణితి మీద కలిసేలా పంపడమే జవాబు. కథ చదివి నిమిషాలు కాకముందే కూడా కొద్దిమందికే అది తట్టింది. "ఇందాకటి కథ వాడుకోండి" అన్నాక ఎక్కువమంది చేసేశారు. ఒక పజిల్‌లో నేర్చుకున్నది ఇంకోదాంట్లోకి తనంతట తాను నడిచి రాదు.

అందుకని వంద పజిల్స్ కాకుండా పది తీసుకోండి. జవాబు చూశాక "ఇంతేనా" అని పేజీ తిప్పేయకుండా, నేను మొదట ఏ జాబితా రాసుకున్నాను, ఏ కొలత పెట్టుకున్నాను, అందులో ఏది మారితే జవాబు వచ్చింది అన్నది ఒక్కో వాక్యంలో రాసుకోండి. రెండు పజిల్స్‌ను పక్కన పెట్టి వాటిలో ఒకేలా ఉన్నదేమిటో కూడా రాయండి. ఇలా రెండింటిని పోల్చి చూసినవాళ్లే మూడోదానికి ఆ జ్ఞానాన్ని ఎక్కువగా వాడుకోగలిగారని అదే జంట 1983లో చూపించింది.

ఇంటర్వ్యూ గదిలో మాత్రం ఆలోచన పైకి చెబుతూ చేయండి. "ఇక్కడ ఇవి ఉన్నాయి, పిన్నులు వేరు, పెట్టె వేరు" అని నోటితో అంటే చాలు, జాబితాలో పెట్టె చేరిపోయింది. కొవ్వొత్తి పజిల్‌లో వస్తువుల పేర్లు విడివిడిగా రాసి చూపించినప్పుడు జనం తొందరగా విప్పారని గ్లక్స్‌బర్గ్, వైస్‌బర్గ్ 1966లోనే చూపించారు. అడిగేవాళ్లకు కూడా మీరెక్కడ ఆగారో కనబడుతుంది, మంచివాళ్లయితే మాయర్‌లా ఒక తాడు కదిలిస్తారు.